ముందు కలిపిన ఒక్క పేజీ

కుట్టు టీచరు పుస్తకాన్ని కౌంటరు మీద పడేసిన చప్పుడుకి ప్రెస్సులో అందరూ తలెత్తారు. అందరూ అంటే ముగ్గురే. టీ తాగుతున్న ఓనరు, కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి, వెనక గదిలో పుస్తకాలకి పిన్నులు కొడుతున్న ఆమె పిన్ని.

“ఎవరండీ నా పుస్తకం టైపు చేసింది?” అంది టీచరు. ఆవిడ మెడలో కొలతల టేపు ఇంకా అలాగే వేలాడుతోంది. క్లాసు మధ్యలోంచి లేచి వచ్చేసినట్టుంది.

“కూర్చోండి మేడం, మంచినీళ్లు...”

“నీళ్లు వద్దు. ముప్పై ఒకటో పేజీ తీయండి. తీయగలిగితే తీయండి! నంబరు కూడా కనపడి చావదు.”

ఓనరు పుస్తకం అందుకున్నాడు. రెండు బొటనవేళ్లతో నొక్కి తెరిచాడు. వదలగానే అది టప్పున మూసుకుంది. మళ్లీ తెరిచి, మధ్యలోకి తొంగి చూశాడు, బావిలో పడ్డ చెంబు కోసం చూసినట్టు.

“ఇక్కడ చొక్కా చేతుల పట్టిక ఉంది,” అంది టీచరు. “చివరి నిలువు వరసలో ఏం రాశానో తెలుసా? కుట్టుకి ఎంత గుడ్డ వదలాలో రాశాను. ఆ వరస ఎక్కడండీ? పిన్నుల సందులోకి పోయింది. నేను రెండు రోజులు ఊళ్లో లేను. పద్దెనిమిది మంది పిల్లలు ఈ పుస్తకం చూసుకుని చేతులు కత్తిరించారు. అసలు కొలతకి కత్తిరించారు, కుట్టుకి వదలకుండా. ఒక్క చెయ్యి కూడా చంకలో పట్టలేదు. ఏమర్రా ఇలా చేశారంటే, పుస్తకంలో లేదు మేడం అన్నారు. నా పుస్తకంలో లేదట!”

ఆ పుస్తకం వెనక ఆవిడ ఇరవై తొమ్మిదేళ్ల పని ఉంది. నోటు పుస్తకాల్లో, అట్టముక్కల మీద, ఒక్కోచోట పాత కాలెండరు వెనక రాసుకున్న కొలతలన్నీ కలిపి తొంభై ఆరు పేజీలుగా కుదిర్చింది. కుట్టు శిక్షణ కేంద్రం వాళ్లు మూడు వందల కాపీలు వేయించారు. ఆ అట్టముక్కలన్నీ చూసి టైపు చేసింది కంప్యూటరు ముందున్న అమ్మాయే. ప్రెస్సులో అందరూ ఆమెని కంప్యూటరమ్మ అంటారు. మాట్లాడేది తక్కువ. ఎవరైనా గట్టిగా పిలిస్తే మాట గొంతులోనే ఉండిపోతుంది. కానీ వేళ్లకి మాత్రం ఏ జంకూ లేదు.

“కంప్యూటరమ్మా, ఇలా రా,” అన్నాడు ఓనరు.

ఆమె వచ్చి నిలబడింది.

“ఈ పిల్లే మేడం. కొత్తది. మార్జిన్లు తక్కువ పెట్టినట్టుంది. ఈ కాలం పిల్లలకి చెప్పి ఏం లాభం చెప్పండి.”

కొత్తదా? ఆమె ఈ కుర్చీలో కూర్చుని రెండేళ్లయింది. పెళ్లి కార్డుల నుంచి ప్రశ్నపత్రాల దాకా ఈ ప్రెస్సులోంచి బయటికి పోయిన ప్రతి అక్షరం ఆమె చేతి మీదుగానే పోయింది. ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. టీచరు ఆమె వంక చూసిన చూపులో కోపం కంటే ఎక్కువగా నొప్పి ఉంది. దాన్ని ఆమె ఇంకా భరించలేకపోయింది.

“కేంద్రం అధ్యక్షుడు గారు రాతపూర్వకంగా అడిగారు,” అంది టీచరు. “తప్పు ఎవరిదో కాగితం మీద పెట్టి ఇవ్వమన్నారు. రేపు పదకొండింటికి వస్తాను.”

ఆవిడ వెళ్లిపోయాక ఓనరు ఒక తెల్ల కాగితం తీసి అమ్మాయి ముందు పెట్టాడు.

“రాయి. మార్జిన్లు సరిగా పెట్టకపోవడం నా పొరపాటు, ఇకమీదట ఇలాంటిది జరగదు, అని. కింద సంతకం. వాళ్లు చల్లబడతారు. మనం మళ్లీ వేసిస్తాం. అయిపోతుంది.”

“సార్, నేను...”

“నీకేం పోయింది? నా ప్రెస్సు పేరు పోకూడదు కదా. నేను రాస్తే ప్రెస్సు తప్పవుతుంది. నువ్వు రాస్తే పిల్ల తప్పవుతుంది. పిల్ల తప్పు ఎవరైనా క్షమిస్తారు.”

ఆయన అంత తేలిగ్గా అనేసి ఫోను అందుకున్నాడు. ఆమె కాగితం పట్టుకుని తన చోటికి వచ్చింది.

నిజంగా తనే తప్పు చేసిందా? ముందు అది తేలాలి. ఆమె ఫైలు తెరిచి పేజ్ సెటప్ చూసింది. అన్నీ ఆమె పెట్టినట్టే ఉన్నాయి. మామూలు ఉత్తరానికైతే ఎడమ ఇంత, కుడి ఇంత అని పెడితే చాలు. కాగితానికి రెండు వైపులా వేసి కుట్టే పుస్తకానికి అలా కుదరదు. కుడిచేతి పేజీకి కుట్టు ఎడమ పక్కన పడుతుంది, దాన్ని తిప్పితే వచ్చే పేజీకి కుడి పక్కన పడుతుంది. అందుకే ఆమె మిర్రర్ మార్జిన్స్ పెట్టింది. అది పెట్టగానే ఎడమ, కుడి అన్న మాటలు పోయి లోపల, బయట అని వస్తాయి. ఎదురెదురు పేజీలు అద్దంలో చూసుకున్నట్టు ఉంటాయి. లోపల పద్నాలుగు మిల్లీమీటర్లు, బయట పన్నెండు. ఆ పైన గట్టర్ అని ఇంకో గడి ఉంటుంది. బైండింగు మింగేసే భాగం కోసం లోపలి వైపు అదనంగా వదిలే చోటు అది. అక్కడ పది పెట్టింది.

ఆ పది కూడా గాలిలోంచి తీసింది కాదు. రెండు నెలల కిందట వెనక గదిలోకి వెళ్లి, “పిన్నీ, నీ పిన్ను ఎంత లోపలికి పడుతుంది?” అని అడిగింది. పిన్ని స్కేలు పెట్టి చూపించింది. అంచు నుంచి ఆరు. పక్కనుంచి పిన్ను కొట్టిన పుస్తకం పూర్తిగా పరుచుకోదు కాబట్టి ఆ తర్వాత ఇంకో ఆరేడు ఒంపులోకి పోతుంది. అందుకే లోపల మొత్తం ఇరవై నాలుగు వదిలింది.

ఇప్పుడు అదే స్కేలు తెచ్చి టీచరు వదిలి వెళ్లిన పుస్తకం మీద పెట్టింది. బయటి అంచున తెల్ల చోటు కొలిచింది. ఇరవై నాలుగు.

ఇరవై నాలుగు బయట ఎందుకుంది?

ఒక పిన్ను ఊడదీసి, ఆకు లాగి లోపలి అంచు కొలిచింది. పన్నెండు. ఇంకో పేజీ. బయట ఇరవై నాలుగు, లోపల పన్నెండు. పుస్తకమంతా అంతే. వదిలిన చోటు ఎక్కడికీ పోలేదు. అక్కర్లేని అంచుకి వెళ్లి హాయిగా కూర్చుంది. బయటి మూలన ఉండాల్సిన పేజీ నంబర్లు పిన్నుల పక్కకి నక్కాయి. ఆమె మొదటికి తిప్పింది. అట్ట తీయగానే కుడిచేతి వైపు అధ్యక్షుడు గారి నిలువెత్తు ఫోటో, కింద శుభాకాంక్షలు. ఆ ఆకు తిప్పితే దాని వెనక, ఎడమచేతి వైపు, ఒకటో పేజీ.

ఏ పుస్తకంలోనైనా ఒకటో పేజీ కుడి పక్కన ఉంటుంది. ఒకటి, మూడు, అయిదు, అన్నీ కుడి పక్కనే. ఇక్కడ ఒకటి ఎడమన కూర్చుంది. దాని వెనకే తొంభై అయిదు పేజీలూ చేతులు మార్చుకున్నాయి.

ఆమె ఫోల్డరు వెతికింది. తను చేసి పెట్టిన పీడీఎఫ్‌లో తొంభై ఆరు పేజీలు. దాని కింద “ఫైనల్ ఫైనల్” అని ఇంకొకటి. అందులో తొంభై ఏడు. తేదీ చూసింది. తను డిగ్రీ పరీక్ష రాయడానికి సెలవు పెట్టిన రోజు.

ఆమె లేచి ఓనరు దగ్గరికి వెళ్లింది. ఈసారి మాట వచ్చింది, సన్నగానే అయినా.

“సార్, ముందు ఒక పేజీ కలిసింది.”

“కలవడమేంటి, నేనే కలిపాను. ఆయన చివరి నిమిషంలో పంపించాడు. నువ్వు పరీక్షంటూ పోయావు. అయితే?”

“దానివల్లే సార్...”

“ఏంటి దానివల్ల? ముందు ఒక్క పేజీ కలిపితే వెనక తొంభై ఆరు పేజీల మార్జిన్లు మారిపోతాయా? నువ్వు పుట్టకముందు నుంచి ఈ ప్రెస్సు నడుపుతున్నానమ్మా నేను.”

“మార్జిన్లు మారవు సార్. కానీ...”

“మారవు కదా! నువ్వే అన్నావుగా. ఇంకేం, వెళ్లి రాయి.”

ఆ “కానీ” వెనక ఉన్నదంతా ఆమె కడుపులోనే ఉండిపోయింది.

సాయంత్రం పిన్నీ ఆమే కలిసి నడిచి ఇంటికి పోతున్నారు. ఈ ఉద్యోగం ఇప్పించింది పిన్నే. అమ్మకి స్వయానా చెల్లెలు. పదిహేనేళ్లుగా ఆ వెనక గదిలో పుస్తకాలు కుడుతోంది.

“రాసిచ్చెయ్యవే,” అంది పిన్ని. “నాలుగు ముక్కలు. ఆ మనిషి సంగతి నాకు తెలుసు. వారం తిరిగేసరికి మర్చిపోతాడు.”

“ఆయన మర్చిపోతాడు పిన్నీ. కాగితం మర్చిపోదు. కేంద్రం ఫైల్లో ఉంటుంది. మార్జిన్లు పెట్టడం రాని పిల్ల అని. నేను సరిగ్గా పెట్టాను. నువ్వు చెప్పిన ఆరు మిల్లీమీటర్లు లెక్కేసి మరీ పెట్టాను.”

“అబ్బో, దీనికి ఇన్ని మాటలు ఎప్పుడొచ్చాయి! అవి అక్కడ మాట్లాడొచ్చుగా?”

“నువ్వు కుట్టేటప్పుడు చూడలేదా? ఒకటో పేజీ ఎడమపక్కన ఉంటే నీకు తేడాగా అనిపించలేదా?”

పిన్ని సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. కొంచెం దూరం నడిచింది.

“చూశాను,” అంది చివరికి. “ఆయనకి చెప్పాను కూడా. అయ్యా, ఒకటి ఎడమకి పడుతోంది, ఒకసారి చూస్కోండి అన్నాను. నీ పని పిన్ను కొట్టడం, చదవడం కాదు అన్నాడు. సరే అని కొట్టాను.”

“మూడు వందలూ కొట్టావా?”

“మూడు వందలూ కొట్టాను.”

“మరి పొద్దున్న ఆవిడ నన్ను తిడుతుంటే ఎందుకు మాట్లాడలేదు పిన్నీ?”

పిన్ని అడుగులు పెంచింది. అమ్మాయికి ఓనరు మీద వచ్చిన కోపం కంటే పిన్ని మీద వచ్చిన కోపం ఎక్కువైంది. తెలియని మనిషి అబద్ధమాడితే ఒక రకం. అన్నీ తెలిసిన మనిషి, ఒక్క కంచంలో తిన్న మనిషి, నోరు మూసుకోవడం ఇంకో రకం. మిగతా దారంతా ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఇంటికి చేరాక అమ్మ “ఏమైందే మీ ఇద్దరికీ?” అని అడిగితే, “కాళ్లు నొప్పులు,” అంది పిన్ని.

మర్నాడు పదకొండుకి టీచరు వచ్చింది. చేతిలో ఒక సంచి, దాని నిండా పిల్లలు కత్తిరించిన పొట్టి చొక్కా చేతులు.

“కాగితం రెడీయా?”

“రెడీ మేడం,” అన్నాడు ఓనరు. “ఏమ్మా, ఇవ్వు.”

అమ్మాయి కాగితం తీసుకొచ్చి కౌంటరు మీద పెట్టింది. తెల్లగా ఉంది. ఒక్క అక్షరం లేదు. దాని పక్కన రెండు చిన్న చిత్తు పుస్తకాలు పెట్టింది. పాత కాగితాలు మడతపెట్టి పిన్ను కొట్టినవి, ఒక్కోదానికి నాలుగే ఆకులు. ప్రతి పేజీలో పట్టిక ఉండాల్సిన చోట పెన్సిలుతో ఒక గడి గీసింది. గట్టర్ ఉన్న వైపు ఎర్ర గీత పెట్టింది.

“ఇదేంటి? ఏం ఆటలివి?” ఓనరు గొంతు లేచింది.

“మేడం,” అందామె. ఓనరు వంక చూస్తే మాట ఆగిపోతుందని తెలుసు. అందుకని టీచరు మెడలోని టేపు వంకే చూస్తూ మాట్లాడింది. “మీరు చొక్కా కత్తిరించేటప్పుడు కుట్టు పడే వైపు గుడ్డ వదులుతారు కదండీ.”

“వదలకపోతే ఏమవుతుందో ఈ సంచిలో ఉంది, చూడు.”

“నేనూ వదిలానండీ. ఈ ఎర్ర గీత అదే. కుడిచేతి పేజీకి ఎడమన, ఎడమచేతి పేజీకి కుడిన. ఎప్పుడూ కుట్టు వైపే. ఈ మొదటి పుస్తకం నేను ఇచ్చింది. తెరిచి చూడండి.”

టీచరు తెరిచింది. ఎర్ర గీతలన్నీ మధ్యలో, పిన్ను పక్కన ఉన్నాయి.

“ఇప్పుడు ఇదే పుస్తకానికి ముందు ఒక పేజీ కలిపామండీ. ఒక్కటే పేజీ. ఆకు కాదు. దాని వెనక ఖాళీ ఉంచలేదు. నా ఒకటో పేజీ వచ్చి దాని వీపు మీద పడింది. రెండోది ఒకటి పడాల్సిన వైపు పడింది. అలా చివరిదాకా. ఇదిగోండి.”

రెండోది తెరిచింది టీచరు. ఎర్ర గీతలన్నీ బయటి అంచున ఉన్నాయి. పెన్సిలు గడులు పిన్నుల్ని ఒరుసుకుంటున్నాయి. ఆవిడ ఒకసారి అదీ ఒకసారి ఇదీ తిప్పి చూసింది. తన పుస్తకం తీసి టేపుతో బయటి అంచు కొలిచింది. లోపలి అంచు కొలిచింది.

“అంటే ఎడమ చెయ్యి కుడి భుజానికి, కుడి చెయ్యి ఎడమ భుజానికి కుట్టారన్నమాట,” అంది. “కత్తిరింపు సరిగ్గానే ఉంది. వదిలిన గుడ్డ వదిలినట్టే ఉంది. పడాల్సిన చోట పడలేదు.”

“అంతేనండీ.”

“ఇంత చిన్న విషయం నిన్న చెప్పలేదేం?”

“నిన్న ఎవరూ చెప్పనివ్వలేదండీ.”

ఓనరు నవ్వబోయాడు. “సరే, ఏదో జరిగిపోయింది. పిన్నులు తీసేసి అవతలి వైపు కొట్టేస్తే సరి కదా! చోటు అటే ఉందిగా. మూడు వందలూ పనికొస్తాయి.”

“అలా కొడితే పుస్తకాన్ని వెనకనుంచి ముందుకి తిప్పాలి సార్,” అందామె.

“వీపు మీద బొత్తాలు పెట్టిన చొక్కా,” అంది టీచరు. “మీరు తొడుక్కోండి ముందు. ఇంతకీ ఆ పేజీ కలిపింది ఎవరు?”

ఓనరు టీ గ్లాసు పక్కకి జరిపాడు.

“అదే... పిల్ల సెలవులో ఉన్నప్పుడు... అధ్యక్షుడు గారు తొందరపెట్టారు...”

“ఎవరండీ?”

“ఆయనే,” అంది వెనక గది గుమ్మంలోంచి పిన్ని. చేతిలో సుత్తి ఉంది, కొట్టడానికి కాదు కానీ కింద పెట్టడం మర్చిపోయింది. “నేను చెప్పాను మేడం. ఒకటో పేజీ ఎడమకి పడుతోందని అప్పుడే చెప్పాను. నీ పని నువ్వు చూస్కోమన్నాడు. నిన్న మీరు దీన్ని తిడుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. రాత్రి నాకు ముద్ద దిగలేదు. దీని తప్పేం లేదు.”

“నిన్నెవరు అడిగారు?” అన్నాడు ఓనరు.

“ఎవరూ అడగలేదు. అదే కదా జబ్బు ఇక్కడ.”

టీచరు కౌంటరు మీది ఫోను తన వైపు లాక్కుంది. “కలపండి అధ్యక్షుడు గారికి.”

ఓనరు కలిపాడు. అవతల గొంతు పెద్దది, కౌంటరు ఇవతలికి కూడా వినపడుతోంది. విషయం విని, మళ్లీ వేయించడానికి ఒప్పుకుంది. కానీ ఫోటో వెనక ఖాళీ కాగితం అనగానే గొంతు ఇంకా పెద్దదైంది. “నా వెనక ఏమీ లేకుండానా? ఎలా కనపడుతుంది అది? జనం ఏమనుకుంటారు?”

“అయ్యా,” అంది టీచరు, “మీ బొమ్మ ఉండొచ్చు. నాకేం అభ్యంతరం లేదు. కానీ మీ వీపు మీద నా ఒకటో పేజీ వేయనివ్వను. అలా వేసినందుకే పద్దెనిమిది మంది పిల్లల గుడ్డ పాడైంది. ఖాళీ మీకు బాధగా ఉంటే దాని మీద గీతలు కొట్టిస్తాను, పిల్లలు సొంత కొలతలు రాసుకుంటారు. అదీ వద్దంటే చెప్పండి, మీ పేజీనే తీయించేస్తాను. మార్జిన్లు అప్పుడూ సరిగ్గానే ఉంటాయి.”

అవతల గొంతు సగానికి తగ్గింది. “గీతలు బాగుంటాయి,” అని వినపడింది.

ఆవిడ ఫోను పెట్టేసి, అమ్మాయి పెట్టిన తెల్ల కాగితాన్ని ఓనరు వైపు జరిపింది. “తప్పు ఎవరిదో రాతపూర్వకంగా అడిగారు. రాయండి.”

“ఇప్పుడు అదంతా ఎందుకు మేడం, వేసిస్తున్నాం కదా మళ్లీ...”

“నిన్న ఈ పిల్ల చేత రాయించేటప్పుడు ఎందుకు అని అనిపించలేదా?”

ఓనరు పెన్ను కోసం జేబులు తడుముకున్నాడు. కౌంటరు మీద మూడు పెన్నులు ఎదురుగా ఉన్నాయి. చివరికి రాశాడు. “ప్రెస్సులో జరిగిన పొరపాటు వల్ల” అని మొదలుపెట్టాడు. టీచరు వేలు పెట్టి చూపించింది. “ప్రెస్సు అంటే ఎవరు? ఈ గోడలా?” ఆయన కొట్టేసి, “నేను ముందు ఒక పేజీ కలపడం వల్ల” అని రాశాడు. సంతకం పెట్టాడు. టీచరు కాగితం మడిచి సంచిలో పొట్టిచేతుల పక్కన పెట్టుకుంది.

వెళ్లబోతూ అమ్మాయి దగ్గర ఆగింది. “నిన్న నేనూ అడక్కుండానే తిట్టాను,” అంది. “తప్పే.” అమ్మాయి తల ఊపింది.

ఆవిడ మెట్లు దిగాక ప్రెస్సు మళ్లీ ప్రెస్సయింది. పిన్ని వెనక్కి వెళ్లి సుత్తి కింద పెట్టింది. అమ్మాయి కుర్చీలో కూర్చుని తన పాత ఫైలు తెరిచింది. మొదట ఫోటో పేజీ, దాని తర్వాత గీతల పేజీ పెట్టింది. మూడోది టీచరు ఒకటో పేజీ. రెండు పేజీలు ఎదురెదురుగా చూపించే వ్యూలో పెట్టి చూసింది. ఒకటి కుడి పక్కకి వచ్చింది. మూడు కుడి పక్కకి వచ్చింది. ముప్పై ఒకటి దాకా వెళ్లింది. చివరి వరస మొత్తం కనపడింది, పట్టికకీ అంచుకీ మధ్య ఇంకా చోటుంది.

ఓనరు ఆమె కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు. కాసేపు తెర వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు. ఏదైనా మంచి మాట అంటాడేమోనని, సిగ్గులేకుండా, ఆమె మనసు ఒక్క క్షణం ఎదురుచూసింది.

“ఊఁ. ఈసారైనా జాగ్రత్తగా పెట్టు,” అన్నాడు.

ఆమె మౌసు వదిలింది. కుర్చీ తిప్పి, మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది. మాట గొంతులో ఆగలేదు. వెనక గదిలో పిన్నికే కాదు, రోడ్డు మీద సైకిలు తాళం తీసుకుంటున్న ఎవరికో కూడా వినపడింది.

“పోయినసారి కూడా జాగ్రత్తగానే పెట్టాను సార్.”